చెప్పకుండానే చేరే వైఫై పాస్‌వర్డ్

విజయవాడ నుంచి అక్క హైదరాబాద్‌లోని తమ్ముడింటికి వచ్చిందనుకుందాం. ఇద్దరివీ ఐఫోన్లే. అక్క తన ఫోన్ సెట్టింగ్స్‌లో తమ్ముడి వైఫై పేరు నొక్కగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆమె ఏమీ టైప్ చేయనక్కర్లేదు. పక్కనే ఉన్న తమ్ముడి ఫోన్‌లో ఒక చిన్న కార్డు పైకి వస్తుంది. అతను Share Password నొక్కితే చాలు, అక్క ఫోన్ వైఫైకి కలుస్తుంది. 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన సదుపాయం ఇది.

చాలా ఇళ్లలో ఆ కార్డు రానే రాదు. కారణం తెలియాలంటే లోపల జరిగేది కాస్త చూడాలి. అక్క ఫోన్ బ్లూటూత్ ద్వారా 'ఈ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ కావాలి' అని చుట్టూ సంకేతం పంపుతుంది. తమ్ముడి ఫోన్ దాన్ని అందుకుని, అడుగుతున్నది తన కాంటాక్ట్స్‌లో ఉన్న మనిషేనా అని సరిచూస్తుంది. అవునని తేలితేనే కార్డు చూపిస్తుంది. అపరిచితులెవరో అడిగిన ప్రతిసారీ ఫోన్ మనల్ని విసిగించకుండా ఉండేది ఈ కాపలా వల్లే.

మనవాళ్లకు చిక్కు వచ్చేదీ అక్కడే. మనం కాంటాక్ట్స్‌లో పేరు, ఫోన్ నంబరు రాసుకుంటాం, ఈమెయిల్ ఎవరు రాసుకుంటారు? కానీ ఈ సదుపాయానికి ఆపిల్ పెట్టిన షరతు ఈమెయిలే. అక్క తన ఆపిల్ అకౌంట్‌కు వాడే ఈమెయిల్ తమ్ముడి కాంటాక్ట్స్‌లో ఉండాలి, అతనిది ఆమె కాంటాక్ట్స్‌లో ఉండాలి. ఆఫీసు మెయిలో, పాత మెయిలో రాసుకుంటే కుదరదు. సెట్టింగ్స్‌లో పైన కనిపించే మన పేరు నొక్కితే అసలు ఈమెయిల్ ఏదో తెలుస్తుంది.

మిగతావి సులువే. రెండు ఫోన్లలోనూ వైఫై, బ్లూటూత్ ఆన్‌లో, Personal Hotspot ఆఫ్‌లో ఉండాలి. ఇద్దరూ ఆపిల్ అకౌంట్‌లోకి లాగిన్ అయి ఉండాలి. తమ్ముడి ఫోన్ లాక్ తీసి, అదే వైఫైకి కలిసి, దగ్గరలోనే ఉండాలి. సాఫ్ట్‌వేర్ మరీ పాతదైతే ముందు అప్‌డేట్ చేసుకోవాలి. ఇవన్నీ సరిగా ఉన్నా కార్డు రాకపోతే రెండు ఫోన్లనూ రీస్టార్ట్ చేసి, అక్క మళ్లీ నెట్‌వర్క్ పేరు నొక్కాలి. ఒక్కొక్కరికి వేరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చే ఆఫీసు, కాలేజీ వైఫైలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. పాస్‌వర్డ్ మన నోటితో చెప్పకపోయినా, అది ఎదుటివారి ఫోన్‌లో నిలిచిపోతుంది. ఐఓఎస్ 16 నుంచి సెట్టింగ్స్‌లోనే దాన్ని తెరిచి చదువుకోవచ్చు. కాబట్టి నోటితో చెప్పడానికి వెనకాడే మనిషికి ఈ కార్డు ద్వారా కూడా ఇవ్వకండి.

వచ్చినవారిది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఈ కార్డు రాదు. అప్పుడు ఐఓఎస్ 18 ఉన్న ఐఫోన్‌లో Passwords యాప్ తెరిచి, వైఫై విభాగంలో మన నెట్‌వర్క్ ఎంచుకుని, Show Network QR Code నొక్కి, ఆ కోడ్‌ను వారి కెమెరాతో స్కాన్ చేయమనండి.