టీవీలో ఆడియో జాక్ లేనప్పుడు గేమ్ శబ్దం స్పీకర్లకు చేరే దారి

హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ, శబ్దం కలిసే వస్తాయి. ఈ పెట్టె బొమ్మను యథాతథంగా టీవీకి పంపి, శబ్దాన్ని విడిగా స్పీకర్లకు అందిస్తుంది. కొన్ని టీవీలకు వెనక రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు, ఒక యూఎస్‌బీ తప్ప శబ్దం బయటికిచ్చే జాక్ ఏదీ ఉండదు. కన్సోల్ వైపు చూసినా అంతే. ప్లేస్టేషన్ 4 మొదటి మోడల్‌కు ఆప్టికల్ పోర్టు ఉండేది, ప్లేస్టేషన్ 5కు లేదు. ఇంట్లో మంచి 2.1 స్పీకర్లు ఉన్నా వాటిని తగిలించే చోటు దొరకదు.

అలాంటి టీవీకి ప్లేస్టేషన్ 5ను, ఎరుపు, తెలుపు జాకులున్న 2.1 స్పీకర్లను కలపాలనుకుందాం. కన్సోల్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను పెట్టె ఇన్‌పుట్‌లో పెట్టాలి. అవుట్‌పుట్ నుంచి ఇంకో హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీకి వెళ్తుంది. ఈ రెండూ తారుమారైతే బొమ్మే రాదు. పెట్టెకు 3.5 మి.మీ. జాక్ ఉంటే, ఒక చివర హెడ్‌ఫోన్ పిన్ను, రెండో చివర ఎరుపు, తెలుపు పిన్నులు ఉన్న వైరుతో దాన్ని స్పీకర్లకు కలపాలి. ఈ పెట్టెలు చాలావరకు 5 వోల్టుల కరెంటుతో నడుస్తాయి కాబట్టి మామూలు ఫోన్ చార్జర్ సరిపోతుంది. స్పీకర్లకు మాత్రం సొంత ఆంప్లిఫయర్ ఉండాలి. వట్టి స్పీకర్ బాక్సుల వైర్లను నేరుగా కలిపితే వాటిని మోగించే బలం ఈ పెట్టెకు లేదు.

ఇంతా కలిపాక బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే, చాలామంది పెట్టె పాడైందనుకుని తిరిగి ఇచ్చేస్తారు. నిజానికి తప్పు తరచుగా సెట్టింగ్‌లోనే ఉంటుంది. హెచ్‌డీఎంఐలో శబ్దం ఏ రూపంలో వెళ్లాలో కన్సోల్ ఒక్కటే నిర్ణయించదు. తాను ఏయే రకాల బొమ్మను, శబ్దాన్ని తీసుకోగలదో టీవీ ముందుగా కన్సోల్‌కు చెబుతుంది. ఈ సమాచారాన్నే ఈడీఐడీ అంటారు. టీవీకి బదులు స్పీకర్లు లేని కంప్యూటర్ మానిటర్ ఉంటే, అది తనకు శబ్దం అక్కర్లేదని చెప్పవచ్చు. అప్పుడు కన్సోల్ శబ్దం పంపడమే మానేస్తుంది, పెట్టెకు విడదీయడానికి ఏమీ మిగలదు. అందుకే చాలా పెట్టెలకు పక్కన పాస్, 2సీహెచ్, 5.1సీహెచ్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. పాస్‌లో టీవీ మాటే కన్సోల్‌కు చేరుతుంది. 2సీహెచ్‌లో పెడితే, రెండు ఛానెళ్ల శబ్దం కావాలని పెట్టే కన్సోల్‌కు చెబుతుంది. 2.1 స్పీకర్లకు కావలసింది ఇదే. స్విచ్ మార్చాక పెట్టెను, కన్సోల్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేస్తే కొత్త సమాచారం చేరుతుంది.

కన్సోల్‌లో చూడవలసింది ఇంకొకటి ఉంది. Settings లో Sound, ఆ తర్వాత Audio Output తెరిచి, Audio Format (Priority) దగ్గర Linear PCM ఎంచుకోవాలి. అక్కడ డాల్బీ గానీ డీటీఎస్ గానీ ఉంటే శబ్దం కుదించిన రూపంలో వస్తుంది. దాన్ని విప్పే శక్తి లేని పెట్టె 3.5 మి.మీ. జాక్‌లో నిశ్శబ్దమో, బరబరమనే చప్పుడో ఇస్తుంది.

ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న సౌండ్‌బార్ అయితే లెక్క మారుతుంది. ఆప్టికల్ కేబుల్ చివరనున్న ప్లాస్టిక్ మూత తీసి, ఒక వైపు పెట్టెకు తగిలించి చూస్తే రెండో కొసన ఎర్రని వెలుగు కనిపించాలి. ఈ దారిలో కుదించని శబ్దం రెండు ఛానెళ్లకు మించి పట్టదు, డాల్బీ డిజిటల్ 5.1 మాత్రం పడుతుంది. నింటెండో స్విచ్ సరౌండ్ శబ్దాన్ని కుదించకుండానే పంపుతుంది కనుక, ఆప్టికల్ ద్వారా దాని 5.1 అందదు.

స్పీకర్లలో ఆగకుండా గుయ్‌మంటుంటే పెట్టెను టీవీ యూఎస్‌బీ నుంచి తీసి వేరే చార్జర్‌కు మార్చి చూడాలి. ఆప్టికల్‌లో కరెంటు కాక వెలుగు ప్రయాణిస్తుంది కాబట్టి ఆ వైపు నుంచి ఈ గోల రాదు.

కొనేటప్పుడు పెట్టె బొమ్మను ఎంతవరకు దాటించగలదో తప్పక చూడాలి. హెచ్‌డీఎంఐ 1.4 పెట్టెతో 4కే బొమ్మ సెకనుకు 30 ఫ్రేములకే పరిమితమవుతుంది. 60 ఫ్రేములకు 18 జీబీపీఎస్ ఉన్న 2.0 పెట్టె, 4కేలో 120 ఫ్రేములకు 2.1 పెట్టె కావాలి. పాత ఫుల్ హెచ్‌డీ టీవీకి 1.4 చాలు, అక్కడ ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

ఇక టీవీ రిమోట్‌తో స్పీకర్ల శబ్దం పెరగదు, తగ్గదు. టీవీ సొంత శబ్దాన్ని సున్నాకు తెచ్చి, స్పీకర్ల నాబ్‌నే తిప్పుకోవాలి. తుపాకీ పేలిన చప్పుడు ముందు వినిపించి, మెరుపు తర్వాత కనిపిస్తే, టీవీ బొమ్మను మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తోందని అర్థం. టీవీలో గేమ్ మోడ్ పెడితే ఆ తేడా చాలావరకు పోతుంది. టీవీ లోపలి యాప్‌ల శబ్దం, వేరే పోర్టులో ఉన్న సెట్‌టాప్ బాక్స్ శబ్దం మాత్రం ఈ పెట్టె గుండా రావు కాబట్టి, అవి ఎప్పటిలాగే టీవీలోంచే వినిపిస్తాయి.