మదాం తర్వాత మళ్లీ ‘గారు’ ఎందుకు?

1857లో పుస్తకంగా వచ్చిన ఫ్లోబేర్ నవల ‘మదాం బోవరీ’లో ఆ పేరు ముగ్గురిది: షార్ల్ తల్లిది, మొదటి భార్యది, తర్వాత ఎమ్మాది. ‘శ్రీమతి’ అని మారిస్తే కథ జరిగే నార్మండీ చెరిగిపోతుంది. మదాం అని ఉంచడమే నాకిష్టం. అయితే చివర ‘గారు’ తగిలించకూడదు, మర్యాద రెండుసార్లు పడుతుంది. పనిమనిషి పేరు లేకుండా పిలిచినప్పుడు మాత్రం ‘అమ్మగారూ’ అనాలి. తల్లి ‘పెద్ద మదాం బోవరీ’ అయితే తికమక ఉండదు.

‘మేత్ర్’ మరింత చిక్కు. గియోమాఁకి అది వృత్తి బిరుదు కాబట్టి ‘నోటరీ గియోమాఁ గారు’ అనవచ్చు. కానీ ఎమ్మా తండ్రి రువో రైతు. షార్ల్ ఆయన్నీ మేత్ర్ అనే పిలుస్తాడు. అది కలిగిన రైతుకు పల్లె ఇచ్చే గౌరవం. ‘మాస్టారూ’ అని రాస్తే పాఠకులు బడిపంతులనుకుంటారు. అక్కడ ‘రువో గారూ’, క్రియల్లో ‘మీరు’ చాలు.