మళ్లీ పుట్టే ముగ్గురు

1986లో నింటెండో తెచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ వరుసలో దాదాపు ప్రతి ఆటలోనూ లింక్ అనే కుర్రాడే వీరుడు, జెల్డాయే రాకుమారి. అయినా వాళ్లు చాలాసార్లు కొత్త మనుషులే.

కారణం 2011 నాటి ‘స్కైవర్డ్ స్వోర్డ్’లో తెలుస్తుంది. హైలియా దేవత మనిషిగా పుట్టి జెల్డా అవుతుంది. లింక్ చేతిలో ఓడిన అసురరాజు డిమైజ్, పోతూ పోతూ శపిస్తాడు: దేవత రక్తం ఉన్నవాళ్లనూ, వీరుడి ఆత్మ ఉన్నవాళ్లనూ తన ద్వేషం యుగయుగాలా వెంటాడుతుందని. అందుకే జెల్డాలది వంశపారంపర్యం. లింక్‌కు మాత్రం వంశంతో పనిలేదు, ఆత్మ ఉంటే చాలు.

గానన్‌డార్ఫ్ తీరు వేరు. ‘విండ్ వేకర్’లో వచ్చేది ‘ఒకరీనా ఆఫ్ టైమ్’లో బందీ అయిన పాత మనిషే. చెర తెంచుకున్నాడంతే, మళ్లీ పుట్టలేదు.