మంచు కరగాలా, నీరు గడ్డకట్టాలా?

వేసవిలో గ్లాసులో వేసిన ఐస్‌ముక్క ఎవరూ వేడి చేయకుండానే కరిగిపోతుంది. అదే గదిలో పెట్టిన నీళ్లు మాత్రం ఎన్నేళ్లున్నా గడ్డకట్టవు. వేడిని వెలువరించే మార్పులే వాటంతట అవి జరుగుతాయని 19వ శతాబ్దంలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తెలో భావించాడు. ఐస్ విషయంలో ఆ సూత్రం పనిచేయదు. గ్రాము మంచు కరగాలంటే చుట్టుపక్కల నుంచి 334 జౌళ్ల వేడిని తీసుకోవాలి. వేడిని తీసుకుంటూ కూడా అది తనంతట తానే కరుగుతోంది.

దీనికి జవాబు ఎంట్రపీలో ఉంది. ఈ పేరును 1865లో జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ పెట్టాడు. ఒక పదార్థంలోని అణువులు, వాటి శక్తి ఎన్ని రకాలుగా సర్దుకోగలవో తెలిపే కొలత ఇది. మంచులో ప్రతి నీటి అణువూ నలుగురు పొరుగువాళ్లతో ముడిపడి కదలకుండా ఉంటుంది. నీరయ్యాక ఆ ముడులు విడిపోతూ, మళ్లీ పడుతూ ఉంటాయి. సర్దుకునే తీరులు లెక్కలేనన్ని పెరుగుతాయి. కాబట్టి కరిగితే ఎంట్రపీ పెరుగుతుంది.

అలాగైతే ఫ్రీజర్‌లో నీరు ఎందుకు గడ్డకడుతుంది? ఇక్కడ నీటిని ఒక్కదాన్నే చూస్తే చాలదు, చుట్టూ ఉన్న గాలి లెక్క కూడా చూడాలి. వేడిని పొందినచోట ఎంట్రపీ పెరుగుతుంది, పోగొట్టుకున్నచోట తగ్గుతుంది. ఎంత అనేది ఆ చోటి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. వంద రూపాయలు పోతే ఉన్నవాడికంటే లేనివాడికి ఎక్కువ లోటు. అలాగే ఒకే పరిమాణంలో వేడి పోయినా, చల్లని చోట ఎంట్రపీ ఎక్కువ తగ్గుతుంది. లెక్క కట్టడానికి వేడిని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే చాలు.

గ్రాము మంచు కరిగితే, 334ను 273తో భాగించగా, దాని ఎంట్రపీ సుమారు 1.22 పెరుగుతుంది. గది 30 డిగ్రీల సెల్సియస్‌లో, అంటే 303 కెల్విన్‌లో ఉంటే, గాలి పోగొట్టుకునేది 1.10. మొత్తం మీద 0.12 మిగులు, కాబట్టి మంచు కరుగుతుంది. ఫ్రీజర్ మైనస్ 10లో, అంటే 263 కెల్విన్‌లో ఉంటే గాలికి కలిగే నష్టం సుమారు 1.27. కరిగితే మొత్తం తగ్గుతుంది గనుక కరగదు. గడ్డకడితే లెక్క తిరగబడి మొత్తం పెరుగుతుంది, అందుకే నీరు గడ్డకడుతుంది. సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గర రెండూ సమానం, మంచూ నీరూ పక్కపక్కనే నిలకడగా ఉంటాయి.

అంటే ఎంట్రపీ ఒకచోట తగ్గవచ్చు. మరోచోట అంతకు మించి పెరగాలి, అంతే. ఫ్రిజ్ వెనుక వెలువడే వేడి ఆ పెరుగుదలకే గుర్తు.

అయితే ఈ లెక్క మార్పు ఎటువైపు సాగుతుందో చెబుతుంది గానీ, ఎప్పుడు మొదలవుతుందో చెప్పదు. మలినాలు లేని శుభ్రమైన నీరు మైనస్ 10లో కూడా కొంతసేపు ద్రవంగానే ఉండగలదు. తొలి మంచు స్ఫటికం ఏర్పడటం కష్టం కావడమే కారణం. అందులో చిన్న ఐస్ పలుకు వేస్తే మాత్రం గడ్డకట్టడం వెంటనే మొదలవుతుంది.