గొంతుకో రూట్ మ్యాపు

తెలుగు వాక్యంలో అసలు సంగతి చివర్లో ఉంటుంది. ‘తల్లిపాలు ఆపాలి’కీ ‘తల్లిపాలు ఆపకూడదు’కీ మొదటి ఐదున్నర అక్షరాల దాకా తేడా ఏమీ లేదు. కొంపలు ముంచేదీ నిలబెట్టేదీ ఆ తర్వాతి ‘కూడదు’. సరిగ్గా అక్కడికి వచ్చేసరికే చదివేవాళ్లకి ఊపిరి తగ్గుతుంది, గొంతు కిందికి జారుతుంది. వెనకాల సంగీతం కూడా ఉంటే ‘కూడదు’ దాని కింద మునిగిపోతుంది.

అందుకే రికార్డింగ్‌కి వెళ్లే స్క్రిప్టు మామూలు కాగితంలా ఉండదు. మాటల మధ్య అడ్డగీతలు, కొన్నింటి కింద గీతలు, వాక్యాల చివర బాణాలు, మార్జిన్‌లో ఒకటి రెండు ముక్కలు కనిపిస్తాయి. పాట పాడేవాళ్లకి స్వరాలు ఎలాగో వాయిస్ ఆర్టిస్టుకి ఇవి అలాగ. స్వరాలకి ఒప్పుకున్న పద్ధతి ఉంది. ఈ గుర్తులకి అంత కట్టుబాటు లేదు, స్టూడియోకో అలవాటు. ఎక్కువమంది వాడేవి మాత్రం నాలుగైదే: చిన్న ఆగుకి ఒక అడ్డగీత, పెద్ద ఆగుకి రెండు, ఒత్తి పలకాల్సిన మాట కింద గీత, గొంతు పైకో కిందికో నిలకడగానో ఉండాలని చెప్పే బాణం.

ముప్పై సెకన్ల ఆరోగ్య ప్రకటన ఒకటి తీసుకుని ఆ గుర్తులు ఎలా పడతాయో చూద్దాం. విరేచనాలయ్యే పిల్లలకి ఓఆర్ఎస్ ఎలా ఇవ్వాలో తల్లికి చెప్పాలి. గుర్తులేమీ లేని మాటలు ఇవి:

మీ పాపకి విరేచనాలు అవుతున్నాయా? లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో కలపండి. కొంచెం కొంచెంగా తాగించండి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే వాడకూడదు. తల్లిపాలు ఆపకూడదు. డాక్టరు చెప్పిన జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యాలి. పాప మగతగా ఉన్నా తాగలేకపోతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మొత్తం 40 మాటలు. ఇంగ్లీషు స్క్రిప్టులకి నిమిషానికి 150 మాటలని ఒక లెక్క చెబుతారు. ఆ లెక్కతో తెలుగు రాస్తే చదివేవాళ్లు పరుగెత్తాల్సిందే. విభక్తులన్నీ అతుక్కుని తెలుగు మాట పొడవుగా ఉంటుంది. ‘తాగలేకపోతున్నా’ చూడండి, ఇంగ్లీషులో అది మూడు నాలుగు మాటల పెట్టు. వినేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయమైతే తెలుగులో నిమిషానికి 100 మాటల దగ్గర ఉండటం మేలు. ఆ లెక్కన మన 40 మాటలకి 24 సెకన్లు పడుతుంది, ఆగడానికి ఆరు సెకన్లు మిగులుతాయి. ఆ ఆరింటినీ ఎక్కడ ఖర్చుపెట్టాలన్నదే డైరెక్షన్ నోట్స్‌లో సగం పని.

ముందు టోన్ సంగతి. స్క్రిప్టు తలమీద ‘ఆప్యాయంగా’ అనో ‘ఎనర్జీతో’ అనో రాసి ఊరుకునేవాళ్లు చాలామంది. ఆప్యాయత అంటే ఒకరికి తేనె పాకం, ఇంకొకరికి చిరునవ్వు, మరొకరికి చీర దుకాణం ప్రకటన. విశేషణం రాసే బదులు ఎవరు, ఎవరితో, ఎప్పుడు మాట్లాడుతున్నారో రాస్తే పని తేలికవుతుంది. ఈ స్పాట్‌కైతే ఇలా రాయవచ్చు: ‘మాట్లాడుతున్నది ఆశా కార్యకర్త. వింటున్నది రాత్రంతా నిద్రలేని తల్లి. గుమ్మంలో నిలబడి చెబుతోంది. భయపెట్టదు, నసగదు. ఆఖరి వాక్యంలో మాత్రం తొందర.’ ఇది చదివిన ఆర్టిస్టుకి గొంతు ఎంత పెంచాలో, నవ్వాలో వద్దో వేరే చెప్పనక్కర్లేదు. వాక్యాన్ని తనే చదివి వినిపించి ‘అచ్చం ఇలా చెప్పండి’ అనే డైరెక్టర్లూ ఉన్నారు. అప్పుడు వచ్చేది అనుకరణ. అది వాక్యం వరకే నిలుస్తుంది, తర్వాతి వాక్యానికి మళ్లీ చదివి వినిపించాలి.

ఇక గుర్తులు. కింద గీత బదులు ఇక్కడ చదరపు బ్రాకెట్లు వాడదాం. ఒంటి గీతకి పావు సెకను, జంట గీతకి అర సెకను.

మీ పాపకి విరేచనాలు అవుతున్నాయా? //
లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్టు [మొత్తం] / ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో కలపండి. //
కొంచెం కొంచెంగా తాగించండి. //
కలిపిన నీళ్లు / [24 గంటలు] దాటితే / వాడకూడదు → //
తల్లిపాలు / [ఆపకూడదు] → //
డాక్టరు చెప్పిన జింకు మాత్రలు / విరేచనాలు తగ్గినా / [14 రోజులూ] వెయ్యాలి. //
పాప మగతగా ఉన్నా → / తాగలేకపోతున్నా → / [వెంటనే] ఆస్పత్రికి తీసుకెళ్లండి ↘

ఒంటి గీతలు ఎనిమిదికి రెండు సెకన్లు, జంట గీతలు ఆరింటికి మూడు. మాటల 24తో కలిపితే 29 సెకన్లు. ఒక సెకను చేతిలో ఉంది.

మొదటి వాక్యం ప్రశ్న అయినా చివర పైకి పోయే బాణం లేదు. ‘అవుతున్నాయా’లో చివరి ‘ఆ’ వల్లే అది ప్రశ్నయింది. దానిమీద గొంతు కూడా ఎగరేస్తే క్విజ్ మాస్టర్ అడిగినట్టుంటుంది, బిడ్డకి బాగాలేని ఇంట్లో అది ఎబ్బెట్టు.

రెండో వాక్యంలో పేచీ ఉంది. ‘మొత్తం’ ముఖ్యం, ‘ఒక’ ముఖ్యం, ‘శుభ్రమైన’ కూడా ముఖ్యమే. మూడింటినీ ఒత్తితే ఏదీ ఒత్తినట్టు కాదు. వాక్యానికి ఒక్క మాట ఒత్తడం మంచి నియమం. ఇక్కడ ‘మొత్తం’ ఎందుకంటే, ఇంట్లో జరిగే తప్పు అదే: కాస్త పొడి తీసి గ్లాసులో కలపడం. నీళ్లు తక్కువైతే ఉప్పు పాళ్లు పెరిగి బిడ్డకి హాని, ఎక్కువైతే మందు పలచబడి పని తగ్గుతుంది. మరి ‘ఒక’ సంగతి? మామూలుగా దొర్లించేస్తే ‘ఒక లీటరు’ అంటే సుమారుగా లీటరు అనే వినిపిస్తుంది, ‘ఒక రాజు ఉండేవాడు’లో లాగ. కచ్చితంగా ఒకటి అని తెలియాలి. అందుకే దాని ముందు అడ్డగీత. ఆగి మొదలుపెట్టిన మాటకి ఒత్తకుండానే బరువు వస్తుంది. వాక్యం మొదట్లో ‘లీటరు’ అని ఉండటం కూడా ఊరికే కాదు. 200 మిల్లీలీటర్ల నీళ్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి, వాటిని లీటరులో కలిపితే లాభం లేదు. ఇది స్క్రిప్టు రాసేవాళ్లు చూసుకోవాల్సిన విషయం, గొంతుతో సరిదిద్దలేం.

జింకు వాక్యంలో గీతలు తీసేసి చదివి చూడండి. ‘మాత్రలు విరేచనాలు’ అని రెండూ గుద్దుకుంటాయి. అక్కడ పావు సెకను ఆగితే చాలు, విడిపోతాయి. ‘రోజులూ’లో దీర్ఘం రాసిన మనిషి పెట్టిన ఒత్తు. చదివేవాళ్లు దాన్ని మింగి ‘రోజులు’ అంటే విరేచనాలు తగ్గిన రోజునే మాత్రలు మానేయవచ్చనిపిస్తుంది.

ఆఖరి వాక్యం మరీ చిక్కు. ‘తాగలేకపోతున్నా’ అని గొంతు దించి ఆపేస్తే, ‘నేను తాగలేకపోతున్నాను’ అన్నట్టే ఉంటుంది. రెండింటికీ పలుకు ఒకటే. ‘అయినా సరే’ అనే అర్థం రావాలంటే గొంతు దిగకుండా నిలిచి, ఇంకా ఏదో ఉందని చెప్పాలి. అడ్డం బాణాలు అందుకే. ‘కూడదు’ల దగ్గర వాటిని పెట్టింది ఇంకో పనికి: చివరి అక్షరం దాకా ఊపిరి దాచుకోమని. కిందికి దిగే బాణం ఈ స్పాట్ మొత్తంలో ఒక్కటే, మాట అయిపోయిన చోట.

ఇక ఉచ్చారణ. తెలుగు రాసినట్టే చదువుతామని గొప్పగా చెప్పుకుంటాం గానీ, చ, జల దగ్గర ఆ మాట నిలబడదు. ‘చలి’లో చ ఒకటి, ‘చక్రం’లో చ మరొకటి. మొదటిదాన్ని పలికేటప్పుడు నాలుక కొన పళ్ల వెనక తగులుతుంది. దానికి ౘ అనీ, ‘జల్లు’లో జకి ౙ అనీ వేరే గుర్తులున్నాయి, యూనికోడ్‌లో చోటు కూడా ఉంది, మామూలు రాతలో మాత్రం ఎవరూ వాడరు. వాయిస్ స్క్రిప్టు మార్జిన్‌లో వాడుకోవచ్చు. మన స్పాట్‌లో ‘విరేచనాలు’ సంస్కృతం నుంచి వచ్చింది, ‘చక్రం’లోని చ పలకాలి. ‘రోజులూ’ని చాలామంది ౙతో అంటారు, అదే సహజం. ‘ఫలితం’ లాంటి మాట వస్తే ఇంకో జాగ్రత్త: ‘ఫ్యాను’లోని ఫ పలికేస్తారు. అక్కడ కావలసింది ‘ప’కి ఒత్తు మాత్రమే.

ఉచ్చారణకి పెద్ద కమిటీనే వేసినవాళ్లున్నారు. బీబీసీ 1926లో, కవి రాబర్ట్ బ్రిడ్జెస్ అధ్యక్షతన, అనౌన్సర్లు ఏ మాట ఎలా పలకాలో తేల్చడానికి సలహా సంఘం పెట్టింది. చిన్న స్టూడియోకి అంత హంగు అవసరం లేదు. పేరు, ఊరు, మందు, అంకె కనబడిన ప్రతిచోటా పలికేది అక్షరాల్లో రాస్తే సరిపోతుంది. ‘24’ పైన ‘ఇరవై నాలుగు’ అని రాసి, మధ్యలో విడగొట్టొద్దని రెండింటినీ కలుపుతూ ఒక వంపు గీత గీస్తే, మైకు ముందు తడబాటు ఉండదు. ‘జింకు’ని ఇంగ్లీషు ఉచ్చారణతో అనాలా, తెలుగు జతోనా అని తగువు వస్తే, మందుల దుకాణంలో తల్లి ఏమని అడుగుతుందో అదే అనాలి. తెలంగాణ శ్రోతల కోసమైతే ‘ఆస్పత్రికి తీసుకెళ్లండి’ని ‘దవాఖానకు తీసుకపోండి’ అని ముందే మార్చి రాసుకోవాలి. ఆ యాస రాని ఆర్టిస్టు మైకు ముందు అప్పటికప్పుడు తర్జుమా చేస్తే వెక్కిరించినట్టు ఉంటుంది.

గుర్తులు ఎక్కువైనా ముప్పే. ప్రతి మాటకీ ఒక బాణం ఉన్న కాగితాన్ని చూస్తూ చదివేవాళ్లు తల్లిని మరిచిపోయి బాణాల్ని చదువుతారు. ఏడు వాక్యాల మన స్పాట్‌లో మూడింట్లోనే బాణాలున్నాయి, రెండు వాక్యాల్లో ఏ మాటా ఒత్తలేదు. కాగితం కూడా చూసుకోవాలి: పెద్ద అక్షరాలు, ఒకవైపే అచ్చు, వాక్యం పేజీ మధ్యలో తెగకుండా. పేజీ తిప్పిన చప్పుడు మైకులో బాగా వినిపిస్తుంది.

రికార్డింగ్ అయ్యాక స్టూడియో స్పీకర్లలో అంతా అద్భుతంగా ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. వెనక సంగీతంతో సహా మామూలు ఫోన్ స్పీకర్లో పెట్టి, స్క్రిప్టు చూడని మనిషికి ఒక్కసారి వినిపించి, ‘ప్యాకెట్టు ఎన్ని నీళ్లలో కలపాలి? పాలు ఇవ్వాలా మానాలా? మాత్రలు ఎన్నాళ్లు?’ అని అడగండి. ఒక్కదానికి తడబడినా ఆ వాక్యం దగ్గరికి పెన్సిలుతో తిరిగి వెళ్లి, అదొక్కటే మళ్లీ చెప్పించండి.