అమ్మేశాక రావాల్సిన సొమ్ము: ఎర్న్-అవుట్ పేచీలు ఎక్కడ పుడతాయి?

ఒక కంపెనీని అమ్మేటప్పుడు ధర మొత్తం ఆ రోజే చేతికి రావాలని లేదు. కొంత సొమ్మును కొన్నాళ్ల తర్వాత ఇచ్చేలా రాసుకుంటే అది వాయిదా చెల్లింపు. దాని మొత్తం, గడువు ముందే ఖరారవుతాయి. ఎర్న్-అవుట్ అలాంటిది కాదు. అమ్మకం తర్వాత ఆ వ్యాపారం ఫలానా అమ్మకాలో, ఫలానా లాభమో సాధిస్తేనే ఆ సొమ్ము వస్తుంది, లేకపోతే రాదు. మొదటిది బాకీ. రెండోది షరతు నెరవేరితే తప్ప బాకీ కాదు. అందుకే కోర్టుకెక్కే తగాదాల్లో ఎక్కువ భాగం రెండోదాని చుట్టూనే తిరుగుతుంది.

ధర దగ్గర ఇద్దరికీ పొత్తు కుదరనప్పుడు ఎర్న్-అవుట్ అక్కరకొస్తుంది. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో మందుల ప్యాకింగ్ సామగ్రి తయారుచేసే కంపెనీ ఒకటుంది. కొత్త ఆర్డర్లు రాబోతున్నాయి కాబట్టి కంపెనీ విలువ 100 కోట్లని యజమాని అంటాడు. రాని ఆర్డర్లకు డబ్బు ఇవ్వలేను, 70 కోట్లకు మించి పెట్టనని కొనేవాడు అంటాడు. చివరికి ఇలా కుదురుతుంది: ఒప్పందం ముగిసిన రోజు 60 కోట్లు, ఏడాది తర్వాత 10 కోట్లు, రెండో ఏడాది నిర్వహణ లాభం 15 కోట్లు దాటితే మరో 30 కోట్లు. వడ్డీ, పన్ను, తరుగుదల తీసివేయక ముందు మిగిలేదే ఇక్కడ నిర్వహణ లాభం.

రెండో ఏడాది ముగిసింది. పాత పద్ధతిలో లెక్కవేస్తే లాభం 15.6 కోట్లు. కొనుగోలుదారు పంపిన లెక్కలో మాత్రం 13.9 కోట్లే ఉంది. తేడా 1.7 కోట్లు. ఇందులో దొంగ లెక్క ఏదీ లేదు. కొనుగోలుదారు తన ప్రధాన కార్యాలయం ఖర్చుల్లో వాటాగా 80 లక్షలు ఈ కంపెనీ పద్దులో వేశాడు. తన గ్రూపులోని మరో కంపెనీకి సరుకును తక్కువ రేటుకు ఇప్పించడంతో 50 లక్షలు తగ్గాయి. కొత్త రాష్ట్రంలో శాఖ తెరవడానికి 40 లక్షలు ఖర్చయ్యాయి. మూడూ మామూలు వ్యాపార నిర్ణయాలే. అయినా అవన్నీ కలిసి అమ్మినవాడికి రావాల్సిన 30 కోట్లకు గండి కొట్టాయి.

పేచీకి మూలం ఇక్కడే ఉంది. లక్ష్యం అమ్మినవాడిది, పగ్గాలు కొన్నవాడివి. పైగా లాభమనేది ఒక్కటే అంకె కాదు. ఏ ఖర్చు కలిపారు, ఏది వదిలేశారు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. అందుకే అమ్మేవారు లాభం కంటే అమ్మకాల మొత్తాన్ని లక్ష్యంగా పెట్టమంటారు. అందులో ఖర్చులు చొరబడవు. అయితే నష్టానికైనా సరుకు అమ్మి అంకె పెంచుతారేమోనని కొనేవారి భయం. లాభాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే ఒప్పందానికి ఒక నమూనా లెక్కను జతచేయాలి. గత ఏడాది పద్దులతో ఏ ఖర్చు చేరుతుందో, ఏది చేరదో అందులో వరుసవారీగా చూపించాలి. ఆ నమూనాలో ప్రధాన కార్యాలయం వాటా చేరదని రాసి ఉంటే, పై ఉదాహరణలో 80 లక్షల మీద వాదనే ఉండేది కాదు.

లక్ష్యాన్ని ఎలా అమర్చారన్నదీ అంతే ముఖ్యం. 15 కోట్లు దాటితే మొత్తం, దాటకపోతే సున్నా అని రాసుకుంటే, గీతకు కొద్దిగా తగ్గినా 30 కోట్లూ పోతాయి. అంత సొమ్ము పణంగా ఉన్నప్పుడు ఎవరూ రాజీపడరు. అలా కాకుండా లాభం 12 కోట్ల నుంచి 15 కోట్లకు పెరిగేకొద్దీ చెల్లింపు కూడా సున్నా నుంచి 30 కోట్లకు అదే దామాషాలో పెరుగుతుందని రాసుకుంటే, 13.9 కోట్ల లాభానికి 19 కోట్లు వస్తాయి. తగాదా మిగిలిన 11 కోట్ల మీదికే పరిమితమవుతుంది. అది మాట్లాడుకుని తేల్చుకోగల మొత్తం.

లెక్క సరైనదే, కానీ కొన్నవాడు వ్యాపారాన్ని సరిగా నడపలేదన్న ఆరోపణ వస్తే ఏం జరుగుతుంది? ఇలాంటి వ్యాజ్యాలు ఎక్కువగా నడిచేది అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర కోర్టుల్లో. అక్కడి రెండు తీర్పులు చూస్తే ఒప్పందంలో రాసిన మాటకు ఎంత బలముందో తెలుస్తుంది. సైవైలెన్స్ అనే సైబర్ నిఘా కంపెనీని కినెటిక్ సంస్థ 4 కోట్ల డాలర్లకు కొని, ఆదాయ లక్ష్యం చేరితే మరో 4 కోట్ల డాలర్ల వరకు ఇస్తానంది. లక్ష్యం చేరలేదు. ఎర్న్-అవుట్‌ను తగ్గించే ఉద్దేశంతో ఏ పనీ చేయకూడదన్నదే ఒప్పందంలోని షరతు. అంతకంటే గట్టి షరతులను అమ్మినవారు బేరంలో అడిగినా కొనుగోలుదారు ఒప్పుకోలేదు. బేరంలో దక్కనిదాన్ని కోర్టు ద్వారా తెచ్చుకోలేరనీ, దురుద్దేశం రుజువు కావాల్సిందేననీ 2015లో డెలావేర్ సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మినవారు ఓడిపోయారు.

రెండోది ఆరిస్ హెల్త్ కేసు. శస్త్రచికిత్స రోబోలు తయారుచేసే ఈ కంపెనీని జాన్సన్ అండ్ జాన్సన్ 2019లో 340 కోట్ల డాలర్లకు కొంది. నియంత్రణ సంస్థ అనుమతులు, అమ్మకాల వంటి మైలురాళ్లు దాటితే మరో 235 కోట్ల డాలర్ల వరకు ఇస్తామని రాసింది. ఇక్కడి షరతు వేరు. తన ముఖ్యమైన వైద్య పరికరాల మీద పెట్టేంత శ్రద్ధను, వనరులను ఈ రోబో మీద కూడా పెట్టాలని ఒప్పందం చెప్పింది. కొన్నాక ఆ రోబోను సంస్థ తన దగ్గరున్న మరో రోబో ప్రాజెక్టుతో పోటీకి దింపింది, తర్వాత రెండింటినీ కలిపేసింది. ఇది ఒప్పుకున్న శ్రద్ధ కాదని 2024 సెప్టెంబరులో డెలావేర్ చాన్సరీ కోర్టు నిర్ణయించి, 100 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. మొదటి కేసులో అమ్మినవారు దురుద్దేశాన్ని రుజువు చేయాల్సి వచ్చింది. రెండో కేసులో పెట్టాల్సినంత శ్రద్ధ పెట్టలేదని చూపిస్తే సరిపోయింది.

మన దేశంలో మరో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, కొనేది విదేశీ సంస్థ అయితే విదేశీ మారక నిబంధనలు అడ్డొస్తాయి. వాటాల ధరలో 25 శాతానికి మించి వాయిదా వేయకూడదు. ఆ వాయిదా సొమ్మును ఒప్పందం తేదీ నుంచి 18 నెలల్లోపు చెల్లించాలి. పై ఉదాహరణలో 100 కోట్లలో 40 కోట్లు తర్వాతే వస్తాయి, 30 కోట్లు తేలేది రెండేళ్లకు. కాబట్టి విదేశీ కొనుగోలుదారుతో ఈ పద్ధతి నడవదు. అందుకే అలాంటి బేరాల్లో వాటాలన్నీ ఒకేసారి అమ్మకుండా విడతలుగా అమ్ముతుంటారు. రెండోది పన్ను. ఖరారైన వాయిదా సొమ్ము ఇంకా చేతికి రాకపోయినా, వాటాలు బదిలీ అయిన ఏడాదే దాన్ని మూలధన లాభంలో కలపమని ఆదాయపు పన్ను శాఖ అడగవచ్చు. లక్ష్యం నెరవేరితేనే వచ్చే సొమ్మును, వస్తుందో రాదో తేలకముందే ఆదాయంగా లెక్కించకూడదని 2016లో బొంబాయి హైకోర్టు చెప్పింది. వాయిదా చెల్లింపుకీ ఎర్న్-అవుట్‌కీ ఉన్న తేడా ఇక్కడ నేరుగా పన్ను మీద ప్రభావం చూపుతుంది.

తగాదా వస్తే ఎవరు తేల్చాలన్నదీ ముందే రాసుకోవాలి. అంకెల తేడాను ఇద్దరికీ సంబంధం లేని చార్టర్డ్ అకౌంటెంటుకు, వ్యాపారం నడిపిన తీరు మీద వచ్చే ఆరోపణలను ఆర్బిట్రేటరుకు అప్పగించడం మేలు. అమ్మినవారికి మూడు నెలలకోసారి పద్దులు చూసే హక్కు ఉండాలి. లేకపోతే ఏడాది చివర పంపిన అంకెను కాదనడానికి వారి చేతిలో ఆధారమే ఉండదు. వీలైతే ఎర్న్-అవుట్ సొమ్మును ముందే బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో వేయించాలి. గెలిచాక వసూలు కోసం మరో పోరాటం చేయాల్సిన పని ఉండదు.

కంపెనీ అమ్మేవారు గుర్తుంచుకోవాల్సింది ఇది: ఒప్పందం రోజు చేతికి వచ్చేదే ధర, ఆ తర్వాత వచ్చేది ఆశ. మొదటి మొత్తం మాత్రమే వచ్చినా ఈ అమ్మకం గిట్టుబాటేనా అని ముందు తేల్చుకోవాలి. కాదనిపిస్తే, లక్ష్యం ఎంత తేలికగా కనిపించినా ఆ బేరానికి ఒప్పుకోకూడదు.