అత్తాకోడళ్లకు ఒకే అంకె, కారణాలు మాత్రం వేరు

పాపన్నపేట వైపు నుండి మన ఆసుపత్రికి వచ్చిన ఒక అత్తాకోడళ్ల సంగతి ఈసారి మీతో పంచుకుంటున్నాము. అత్తగారికి 48 ఏళ్లు, ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. ఆమె తల్లికి షుగరు వ్యాధి ఉండేది. కోడలికి 27 ఏళ్లు, ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఇద్దరూ ఒకే రోజు బయట రక్తపరీక్షలు చేయించుకున్నారు. పరగడుపున షుగరు అత్తగారికి 94, కోడలికి 84 వచ్చింది. 100 లోపు ఉంటే మామూలే కాబట్టి రెండూ మంచి అంకెలే. కానీ మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇద్దరికీ 6.0 అని వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు. 5.7 నుండి 6.4 వరకు షుగరు వ్యాధికి ముందు దశ. 6.5 దాటితే షుగరు వ్యాధి అని అనుమానించి మళ్లీ పరీక్షించి నిర్ధారిస్తారు.

"సిస్టరమ్మా, పొద్దుగాల పరీక్ష మంచిగనే వచ్చింది గద, నాకేం షుగర్ లేదు" అన్నారు అత్తగారు. ఆమె తిండిలో ఏ మార్పూ చేసుకోలేదు. కోడలు మాత్రం భయపడి రెండు నెలలుగా అన్నం బాగా తగ్గించేసింది. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని, కళ్లు తిరుగుతున్నాయని చెప్పింది. ఒకే అంకెను చూసి ఒకరు నిశ్చింతగా ఉన్నారు, ఇంకొకరు కడుపు మాడ్చుకున్నారు. నిజానికి ఇద్దరూ పొరబడ్డారు. ఎలాగో చూద్దాం.

రెండు పరీక్షలు చూపేవి రెండు వేర్వేరు సంగతులు

పరగడుపు పరీక్ష రక్తం తీసిన ఆ ఒక్క నిమిషాన షుగరు ఎంత ఉందో చెబుతుంది. రాత్రంతా మనం ఏమీ తినకపోయినా కాలేయం తనలో దాచుకున్న చక్కెరను కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఇన్సులిన్ దానికి పగ్గం వేసి ఉంచుతుంది. కాబట్టి ఉదయం వచ్చే అంకె ముఖ్యంగా కాలేయం అదుపులో ఉందా లేదా అన్నది తెలుపుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత ఏం జరుగుతుందో అది చెప్పలేదు.

హెచ్‌బీఏ1సీ అలా కాదు. మన ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం ఉంటుంది. రక్తంలో తిరిగే చక్కెరలో కొంత దానికి అంటుకుంటుంది. అంటుకున్నది ఆ కణం బతికినన్నాళ్లూ ఊడిపోదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగానికి చక్కెర అంటుకుందో లెక్కిస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. చివరి నెల ప్రభావం అందులో ఎక్కువగా ఉంటుంది. పరీక్షకు ముందు రెండు రోజులు తీపి మానేస్తే ఉదయం అంకె కొంచెం తగ్గవచ్చు గాని, ఈ అంకె తగ్గదు.

అత్తగారి షుగరు ఎక్కడ దాగింది?

హెచ్‌బీఏ1సీ 6.0 అంటే రోజు మొత్తం మీద సగటు షుగరు సుమారు 126 అని లెక్క. అత్తగారికి అర్ధరాత్రి నుండి ఉదయం 8 గంటల వరకు 94 దగ్గరే ఉంటుందనుకుందాం. అది 8 గంటలు. 24 గంటల సగటు 126 రావాలంటే మిగిలిన 16 గంటల్లో సగటు 142 ఉండాలి. సగటే 142 అయితే భోజనం చేసిన గంటకో గంటన్నరకో 170, 180 దాకా వెళ్లి దిగుతోందన్నమాట. ఆ సమయంలో ఎవరూ ఆమెకు రక్తపరీక్ష చేయలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? భోజనం కాగానే క్లోమం వెంటనే ఇన్సులిన్ వదలాలి, కండరాలు ఆ చక్కెరను లోపలికి తీసుకోవాలి. చాలామందికి మొదట దెబ్బతినేది ఈ రెండు పనులే. ఇన్సులిన్ ఆలస్యంగా వస్తుంది, పని లేక కూర్చున్న కండరాలు చక్కెరను సరిగా తీసుకోవు. రాత్రి కాలేయాన్ని అదుపులో పెట్టడానికి కొద్దిపాటి ఇన్సులిన్ చాలు కాబట్టి ఉదయం అంకె ఇంకా బాగానే కనిపిస్తుంది. అత్తగారు ఉదయం టీతో పాటు ఉప్మా, మధ్యాహ్నం, రాత్రి నిండుగా అన్నం తింటారు. పొద్దంతా చాట ముందు కూర్చునే ఉంటారు. ఒకప్పుడు తినే జొన్న గటక ఇప్పుడు ఇంట్లో లేదు.

ఇది ఊహ కాదని తేల్చడానికి డాక్టరుగారు ఆమెకు గ్లూకోజ్ తాగించే పరీక్ష చేయించారు. ముందు మూడు రోజులు మామూలుగానే తినమన్నాము. ఆ మూడు రోజులు అన్నం తగ్గిస్తే ఫలితం తప్పు వస్తుంది. రాత్రి భోజనం తర్వాత 8 గంటలకు పైగా ఏమీ తినకుండా ఉదయం వచ్చారు. మొదట ఒకసారి రక్తం తీశాము. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ పొడిని సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగించాము. తిరగకుండా కూర్చోబెట్టి, తాగడం మొదలుపెట్టిన సమయం నుండి సరిగ్గా రెండు గంటలకు మళ్లీ రక్తం తీశాము. రెండు గంటల అంకె 140 లోపు ఉండాలి. 140 నుండి 199 వరకు ముందు దశ. 200 దాటితే షుగరు వ్యాధి. ఆమెకు 168 వచ్చింది. హెచ్‌బీఏ1సీ ఆమె విషయంలో నిజమే చెప్పింది.

కోడలి అంకె ఎందుకు పెరిగింది?

కోడలికీ అదే పరీక్ష చేశాము. అన్నం తగ్గించి తింటోంది కాబట్టి ముందు మూడు రోజులు ఆమెను కడుపునిండా తినమన్నాము. రెండు గంటల తర్వాత ఆమెకు 106 మాత్రమే వచ్చింది. అంటే ఉదయమూ బాగుంది, తిన్న తర్వాతా బాగుంది. మరి 6.0 ఎక్కడి నుండి వచ్చింది?

ఆమె కింది కనురెప్ప లోపల చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని అడిగితే చెప్పింది. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా బాగా తక్కువ వచ్చింది. ఇది ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనత.

ఇనుము చాలకపోతే కొత్త ఎర్ర కణాల తయారీ మందగిస్తుంది. రక్తంలో పాత కణాల పాలు పెరుగుతుంది. పాత కణం అంటే ఎక్కువ రోజులు చక్కెరలో తిరిగి, ఎక్కువ చక్కెర అంటించుకున్న కణం. ఊళ్లో చిన్నపిల్లలు తగ్గి పెద్దవాళ్లు మిగిలితే సగటు వయసు పెరిగినట్లే, అసలు షుగరు పెరగకపోయినా హెచ్‌బీఏ1సీ అంకె కొంచెం పెరుగుతుంది. 5.4 ఉండాల్సింది 5.8 గానో 6.0 గానో కనిపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. కాబట్టి ఇది అరుదైన సంగతి కాదు. పాలిపోయిన స్త్రీకి హెచ్‌బీఏ1సీ కొంచెం ఎక్కువ వస్తే హిమోగ్లోబిన్ చూడకుండా షుగరు ముందు దశ అని చెప్పకూడదు.

దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. ఈ మధ్యే రక్తం ఎక్కించుకున్నవారికి, బాగా రక్తం పోయినవారికి, ఎర్ర కణాలు త్వరగా చితికిపోయే జబ్బు ఉన్నవారికి ఈ అంకె మీద ఆధారపడలేము. షుగరు ఉన్నా తక్కువ చూపవచ్చు. గర్భిణులకు కూడా గ్లూకోజ్ తాగించే పరీక్షే నమ్మదగినది.

తర్వాత ఏం జరిగింది?

కోడలిని అన్నం, పప్పు, ఆకుకూరలు, గుడ్డు మామూలుగా తినమన్నాము. డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. వాటిని టీతో వేసుకోవద్దని, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని చెప్పాము. నెలసరి గురించి స్త్రీల డాక్టరుగారిని కలిపించాము. హెచ్‌బీఏ1సీ వెంటనే మళ్లీ చేయవద్దన్నాము. ఎందుకంటే మందు మొదలైన కొత్తలో లేత కణాలు ఒక్కసారిగా పుట్టుకొచ్చి అంకెను మరీ కిందికి లాగవచ్చు. ఆరు నెలల తర్వాత చేస్తే హిమోగ్లోబిన్ 12.1, హెచ్‌బీఏ1సీ 5.4 వచ్చాయి. ఆయాసమూ పోయింది.

అత్తగారిది వేరే దారి. ఆమె లాంటివారి గురించి చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం చేసిన పరిశోధన 2006లో వెలువడింది. గ్లూకోజ్ పరీక్షలో ముందు దశ అని తేలినవారిని మూడేళ్లు గమనించారు. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో నూటికి 55 మందికి షుగరు వ్యాధి వచ్చింది. తిండి, నడక పద్ధతిగా మార్చుకున్నవారిలో అది 39కి తగ్గింది. అందరికీ ఆగదు గాని, చాలామందికి ఆగుతుంది. అందుకే 168 అనే అంకెను తెలుసుకోవడం ఆమెకు అవసరం.

ఆమె అన్నం పూర్తిగా మానలేదు. పూటకు మూడు గరిటెలు పెట్టుకునేది రెండుకు తగ్గించి, ఆ ఖాళీని కూర, పప్పుతో నింపారు. రాత్రి జొన్నరొట్టె మొదలుపెట్టారు. అన్నిటికంటే ముఖ్యంగా, తిన్న వెంటనే చాట ముందు కూర్చోకుండా పదిహేను నిమిషాలు వాకిట్లోనో వీధిలోనో నడుస్తున్నారు. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎక్కువగా ఎదురుచూడకుండా చక్కెరను తీసుకుంటుంది. ఆరు నెలలకు రెండు గంటల అంకె 136కు, హెచ్‌బీఏ1సీ 5.8కి దిగాయి. ఇంకా ముందు దశలోనే ఉన్నారు కాబట్టి ఏటా పరీక్ష చేయించుకోవాలి.

మీ రిపోర్టులో కూడా పరగడుపు అంకె బాగుండి మూడు నెలల సగటు 5.7 నుండి 6.4 మధ్య వస్తే రెండు ప్రశ్నలు అడగండి. నా హిమోగ్లోబిన్ ఎంత? గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు నా షుగరు ఎంత? పాత రిపోర్టులు ఉంటే పారేయకుండా వెంట తీసుకురండి. ఈ రెండు జవాబులు చేతిలో ఉంటే మీరు అత్తగారి దారిలో ఉన్నారో, కోడలి దారిలో ఉన్నారో డాక్టరుగారు చెప్పగలరు. రక్తహీనత, షుగరు ముందు దశ రెండూ కలిసి ఉన్నవారూ ఉంటారు. వారికి ముందు రక్తం బాగుచేసి, ఆ తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చూస్తాము.